హెయిన్జ్ కథ చెబితే "ఆరోగ్యశ్రీ ఉంది కదా సార్" అన్నారు: తొమ్మిదో తరగతిలో సందిగ్ధ చర్చ నడిపేదెలా?

సోషల్_సార్

జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతిలో 38 మంది. ఒప్పు తప్పుల గురించి మనిషి ఆలోచన మెట్టుమెట్టుగా ఎలా ఎదుగుతుందో చెప్పిన సైకాలజిస్టు కోల్‌బర్గ్ ఆరు దశల్ని బీఈడీలో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను కానీ క్లాసులో ఎప్పుడూ వాడలేదు. పోయిన నెల ఒక పీరియడ్ ఖాళీ దొరికితే హెయిన్జ్ కథ ఎత్తుకున్నాను. అతని భార్యకు కేన్సర్. ఊళ్లో మందుల వ్యాపారి తయారీ ఖర్చుకు పదింతలు వేసి 2000 డాలర్లు అడుగుతున్నాడు. హెయిన్జ్ ఊరంతా తిరిగి 1000 పోగుచేశాడు. వ్యాపారి ధర తగ్గించడు, అరువివ్వడు. మందు దొంగిలించాలా, వద్దా?

నేను ప్రశ్న పూర్తి చేయకముందే ఒకడు లేచి "ఆరోగ్యశ్రీ ఉంది కదా సార్" అన్నాడు. ఇంకొకడు సీఎం రిలీఫ్ ఫండ్ అన్నాడు. ఒకమ్మాయి వీడియో తీసి క్యూఆర్ కోడ్ పెడితే డబ్బులు వచ్చేస్తాయంది. పది నిమిషాల్లో చర్చ కాస్తా ప్రభుత్వ పథకాల మీద క్విజ్ అయిపోయింది.

సరే, వాళ్లకు తెలిసిన కథే చెబుదామని మరుసటి వారం సొంతంగా ఒకటి అల్లాను. మధ్యాహ్న భోజనంలో ఒక పిల్లాడు ఇంట్లో ఉన్న చెల్లి కోసం రెండో గుడ్డు జేబులో వేసుకుంటాడు, అది చూసిన లీడర్ సార్‌కి చెప్పాలా వద్దా అని. కథ సగంలో ఉండగానే క్లాసంతా వెనక్కి తిరిగి మూడో బెంచీలో ఒకడి వైపు చూసింది. నిజంగా ఆ పని చేసేవాడు ఒకడున్నాడని నాకు తెలియదు. మర్నాడు వాడు భోజనం లైన్లోకి రాలేదు.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. చేసి చూసినవాళ్లు చెబితే ఇంకా మంచిది.

డీఎస్సీ_రాస్తున్నా

సార్, మీ పిల్లలకు 14 ఏళ్లు కదా. 4 నుంచి 10 పూర్వ సాంప్రదాయ స్థాయి, 10 నుంచి 13 సాంప్రదాయ స్థాయి, 13 దాటితే ఉత్తర సాంప్రదాయ స్థాయి. ఒక్కో స్థాయికి రెండేసి దశలు. అంటే వాళ్లు ఐదో దశకు వచ్చేసి ఉండాలి. దొంగిలించాలి అన్నవాళ్లు ఐదు, వద్దు చట్టం ఒప్పుకోదు అన్నవాళ్లు నాలుగు. మీ క్లాసులో ఎవరూ రెండింట్లో ఒకటి చెప్పలేదంటే కథ సరిగ్గా అర్థమై ఉండదు.

పాత_మెథడ్_మేడమ్

బీఈడీ కాలేజీలో 26 ఏళ్లు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. ముందు తమ్ముడి మాట తీసుకుంటాను. పరీక్షలో బిట్టు వస్తే నీ గైడులో ఉన్నదే పెట్టుకో నాయనా, మార్కు పోగొట్టుకోకు. కానీ క్లాసులోకి ఆ వయసుల పట్టిక తీసుకెళ్లవద్దు. కోల్‌బర్గ్ 1958లో షికాగోలో సమర్పించిన పరిశోధనకు తీసుకున్నది 10, 13, 16 ఏళ్ల మగపిల్లల్ని. తర్వాత వాళ్లనే ఇరవై ఏళ్ల పాటు మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నలు అడిగారు. ఆ ఫలితాలు 1983లో వచ్చాయి. ముప్పై దాటినవాళ్లలో కూడా ఐదో దశలో మాట్లాడినవాళ్లు చాలా కొద్దిమందే. ఆరో దశకైతే స్కోరు వేయడానికి తగినన్ని జవాబులు దొరక్క మాన్యువల్‌లోంచే తీసేశారు. తొమ్మిదో తరగతిలో మాస్టారికి ఎక్కువగా వినిపించేది "నాకేంటి లాభం" అనే రెండో దశా, "నావాళ్లు ఏమనుకుంటారు" అనే మూడో దశా కలిసిన మాటలు. అక్కడక్కడా "చట్టం ఏమంటుంది" అనే నాలుగు తొంగిచూస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. "దొంగిలించాలి" అన్న జవాబుకు దశ ఉండదు. "వద్దు"కీ ఉండదు. "దొంగిలించాలి, లేకపోతే మామగారు వదలడు" అన్నవాడూ, "దొంగిలించాలి, ప్రాణం కంటే ఆస్తి ఎక్కువని ఏ సమాజమూ ఒప్పుకోదు" అన్నవాడూ ఒకే వైపు చెయ్యెత్తుతారు. దశ "ఎందుకంటే" తర్వాత మొదలవుతుంది. మనం పాఠం చెప్పేటప్పుడు ఆ "ఎందుకంటే" వదిలేసి పట్టిక ఒక్కటే చెప్పాం. తప్పు మాదే.

మాస్టారూ, మీ సంగతికి వస్తాను. ఆరోగ్యశ్రీ అన్నవాడు తెలివైనవాడు. సందిగ్ధంలో రెండు దారులూ బాధగా ఉంటాయి కాబట్టి మూడో దారి వెతికాడు. ఏ దేశంలోనైనా పిల్లలు ఇదే చేస్తారు. కథలో కిటికీలు తెరిచి ఉన్నాయన్నమాట. "ఆ మందు పథకంలో లేదు, ఆఫీసులన్నీ తిరిగాడు, రేపటికి మందు పడాలి" అని ముందే మూసేయాలి. ప్రశ్న కూడా "హెయిన్జ్ ఏం చేస్తాడు" అని ఉండకూడదు, "ఏం చేయాలి" అని ఉండాలి. మొదటిది జోస్యం. రెండోదానికి కారణం చెప్పక తప్పదు.

గుడ్డు కథ మాత్రం ఆ ఊరిపిల్లలకు మరీ దగ్గరది. కథ పిల్లల ప్రపంచంలోదే ఉండాలి, కానీ ఆ గదిలో ఎవడి ముఖమూ దానికి అతకకూడదు. ఆకలి, కులం, తండ్రి తాగుడు, అప్పు, వీటి జోలికి వెళ్లేముందు క్లాస్ టీచర్ని ఒక మాట అడగాలి.

వెంకన్న_నాన్న

నేను టీచర్ను కాదు. మా అబ్బాయి తొమ్మిది చదువుతున్నాడు. మీరు పిల్లల దశల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా, మావాడు ఏ దశలో ఉన్నాడో చెప్పగలరా? గేమ్స్ పీరియడ్‌లో బంతి తగిలి కంప్యూటర్ రూము అద్దం పగిలింది. ఎవరో చెప్పకపోతే క్లాసంతా తలా యాభై కట్టాలన్నారు పెద్దసారు. మావాడికి ఎవరో తెలుసు. చెప్పనని వాడికి ఒట్టేశాడంట. నేను యాభై ఇచ్చి పంపించాను కానీ మనసులో పీకుతూనే ఉంది. వీడు మంచోడా, పిరికోడా?

పాత_మెథడ్_మేడమ్

అన్నా, మీవాడు చెప్పలేదన్న ఒక్క సంగతితో ఏమీ చెప్పలేను. "చెబితే వాడు బడి బయట కొడతాడు" అనుకొని ఊరుకున్నాడేమో, అది మొదటి మెట్టు. "రేపు నాది వాడు దాస్తాడు" అనుకున్నాడేమో, అది రెండోది. "ఫ్రెండ్‌ని పట్టిస్తే నన్నెవడు నమ్ముతాడు" అనుకుంటే మూడు. "చేయనివాళ్లకు జరిమానా వేయడమే అన్యాయం, దానికి నేనెందుకు సాయం చేయాలి" అని వాదించి ఊరుకుంటే అది ఇంకా పైమాట. నాలుగింటికీ బయటకు కనిపించేది మౌనమే. వాణ్ణే అడగండి, కానీ మంచోడా పిరికోడా అన్న తూకం చేతిలో పట్టుకుని అడగకండి.

ఇంకో మాట. దశ మనిషికి వేసే ముద్ర కాదు. ఒకే పిల్లాడు అద్దం విషయంలో మూడులో, కాపీ కొట్టే విషయంలో రెండులో మాట్లాడగలడు.

తెలుగు_పంతులు_గారు

నలభై నిమిషాల చర్చ దేనికండీ? దొంగతనం తప్పు, అబద్ధం తప్పు. వేమన చెప్పాడు, సుమతీ శతకం చెప్పింది. పిల్లలకు ఒక పద్యం నేర్పిస్తే జన్మంతా ఉంటుంది. రెండు వైపులా వాదించడం నేర్పితే తయారయ్యేది లాయర్లు. అసలు చర్చ అయ్యాక కూడా మాస్టారు ఏది ఒప్పో చెప్పడటగా?

పాత_మెథడ్_మేడమ్

పంతులుగారూ, పద్యం వద్దని నేననను. అయితే అమెరికాలో 1920ల చివర హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది పిల్లల్ని పరీక్షించి చూశారు. నిజాయితీ గురించి బాగా చెప్పగలిగిన పిల్లలు కూడా దొరకమనుకున్న చోట కాపీ కొట్టారు. ఒకచోట కొట్టినవాడే ఇంకోచోట కొట్టలేదు. కోల్‌బర్గ్ సుగుణాల జాబితా నేర్పడాన్ని ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

ఆయన శిష్యుడు బ్లాట్ ఒక ఆదివారం బడిలో 11, 12 ఏళ్ల పిల్లలతో పన్నెండు వారాలు ఇలాంటి చర్చలు నడిపాడు. తర్వాత మామూలు బళ్లలోనూ చేశారు. 1975లో ఇద్దరూ కలిసి అచ్చువేశారు. కొందరు పిల్లలు ఒక మెట్టు ఎక్కారు, మిగతావాళ్లు ఉన్నచోటే ఉన్నారు. అంతకుముందు 1966లో ట్యూరియల్ అనే పరిశోధకుడు చూపించింది ఇంకా పనికొచ్చే సంగతి. పిల్లాడికి తన మెట్టుకు ఒక్కటి పైనున్న వాదన వినిపిస్తే కదులుతాడు. రెండు మెట్లు పైది అతనికి అంత అందదు. కింది మాటను పక్కన పెట్టేస్తాడు. అందుకే మన ఉపన్యాసం కంటే పక్క బెంచీ పిల్ల మాట బాగా పనిచేస్తుంది. మనం తరచూ రెండు మెట్ల పైనుంచి మాట్లాడతాం కదా.

మీ చివరి ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు. టీచర్ తన అభిప్రాయం ముందే చెబితే చర్చ చచ్చిపోతుంది. అసలు చెప్పకపోతే మీరన్న ఇబ్బంది ఉంది.

తెలుగు_పంతులు_గారు

ఉందని ఒప్పుకున్నారు, చాలు.

ఫిజిక్స్_మాధవి

మధ్యలో వస్తున్నాను. హెయిన్జ్ కథ మన పిల్లలకు ఎక్కాలంటే 2012 సంగతి చెప్పండి సార్. కాలేయం, మూత్రపిండాల కేన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ అనే మందు నెలకు దాదాపు 2,80,000 రూపాయలు ఉండేది. పేటెంట్ జర్మనీ కంపెనీ బేయర్‌ది. మన హైదరాబాద్ నాట్కో కంపెనీ దరఖాస్తు పెట్టుకుంటే పేటెంట్ కంట్రోలర్ కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసుకునే అనుమతి. దేశంలో అదే మొదటిది. ధర 8,880కు వచ్చింది. దొంగిలించాలా వద్దా అన్నదానికి చట్టంలోనే ఒక తలుపు ఉందన్నమాట. మా పదో తరగతిలో చెప్పాను, "మరి ఆ కంపెనీ పరిశోధనకు పెట్టిన డబ్బు మాటేంటి మేడమ్" అని ఒకడు పట్టుకున్నాడు. పీరియడ్ అయిపోయినా వదల్లేదు.

పాత_మెథడ్_మేడమ్

మంచి ఉదాహరణ మాధవి గారూ. అయితే దీన్ని చర్చ అయ్యాక చెప్పండి, ముందు చెబితే ఇదీ ఆరోగ్యశ్రీ లాంటి కిటికీయే అవుతుంది. చట్టాన్ని పాటించాలా మీరాలా అనే దగ్గర ఆగిపోయిన పిల్లలకు, చట్టాన్ని మనుషులే రాసుకున్నారు, మార్చుకోవచ్చు, అందులోనే మినహాయింపులు పెట్టుకోవచ్చు అన్నది కొత్త ఆలోచన. మీ పదో తరగతి అబ్బాయి పెట్టుబడి గురించి అడిగాడంటే ఆ గుమ్మం దగ్గరికి వచ్చినట్టే.

సోషల్ మాస్టారూ, వెంకన్న గారు ఒప్పుకుంటే అద్దం కథనే వాడండి. పేర్లు మార్చండి, అద్దం బదులు ఇంకేదైనా పెట్టండి. మాట నిలబెట్టుకోవడం ఒకవైపు, తప్పు చేయనివాళ్లు నష్టపోవడం ఇంకోవైపు. రెండూ పిల్లలకు బరువైనవే. ఎనిమిది, పది వాక్యాలు దాటనివ్వకండి. చదివాక "ఒట్టు ఎవరు ఎవరికి వేశారు, ఎంత కట్టాలి" అని రెండు చిన్న ప్రశ్నలు అడిగి కథ అందరికీ ఒకేలా అందిందో లేదో చూసుకోండి.

చేతులెత్తించకముందే చీటీ ఇవ్వండి. ఏం చేయాలి, ఎందుకు, మూడు నిమిషాలు, ఒక్కరే రాయాలి. ముందే చేతులెత్తిస్తే క్లాసు లీడర్ చెయ్యి ఎటుంటే అందరివీ అటే. చీటీలయ్యాక లెక్క చూడండి. 35కి ముగ్గురు ఉంటే చర్చ జరగదు. అప్పుడు వేయడానికి ఒక మలుపు జేబులో ఉంచుకోండి, "యాభై కట్టలేని ఒక పిల్ల ఉంది" అనో, "పగలగొట్టినవాణ్ణి వాళ్ల నాన్న బడి మాన్పిస్తాడు" అనో. ఆ తర్వాత ఒకే జవాబు ఉన్నవాళ్లను ఐదుగురేసి కూర్చోబెట్టి, తమ కారణాల్లో గట్టిది ఒకటి ఏరుకోమనండి. ఆ తర్వాతే ఎదుటివాళ్లతో మాట్లాడించండి.

మీరు చేయాల్సింది ప్రశ్నలు వేయడం. "అందరూ ఇలాగే దాస్తే మన బడి ఎలా ఉంటుంది?" "ఆ డబ్బు కట్టే పిల్ల వైపునుంచి చెప్పు." "నువ్వే పగలగొట్టినవాడివైతే ఇదే కారణం ఒప్పుకుంటావా?" మంచి జవాబు వచ్చినప్పుడు "వెరీ గుడ్" అనకండి. ఇది చాలా కష్టం, నాకూ నోరు ఆగేది కాదు.

వెంకన్న_నాన్న

వాడుకోండి సారూ. మా ఊరి పేరు రాకుండా చూడండి. వీణ్ణి ఇంకా అడగలేదు నేను.

సోషల్_సార్ (పన్నెండు రోజుల తర్వాత)

చేశాను. అద్దం బదులు బడి గోడ గడియారం పెట్టాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

చీటీల్లో "చెప్పకూడదు" 27, "చెప్పాలి" 11. చెప్పకూడదన్న వాటిలో సగానికి పైగా ఒట్టు గురించే. "ఒట్టు తప్పితే కళ్లు పోతాయి" అని ఇద్దరు రాశారు. "ఫ్రెండంటే అంతే సార్" అని ఎక్కువమంది. చెప్పాలన్నవాళ్లలో ఐదుగురు రాసింది "చెప్తే మనకు యాభై మిగుల్తది". మేడమ్ అన్నట్టు, చెప్పాలన్నంత మాత్రాన పైమెట్టేమీ కాదని అక్కడే కనిపించింది.

గుంపులు కలిశాక ఒకడు "ఒట్టు తీసి గట్టున పెట్టు, అంతే" అన్నాడు, అందరూ నవ్వారు. అప్పటిదాకా నోరు తెరవని ఒకమ్మాయి లేచి "ఒట్టు వేసింది వాడు. వాడి ఒట్టుకు మేమెందుకు కట్టాలి? మమ్మల్ని అడిగి వేశాడా?" అంది. గది నిశ్శబ్దమైపోయింది. ఫ్రెండ్ ఫ్రెండ్ అంటున్న గుంపులో ఒకడు చాలాసేపు ఆలోచించి, "అయితే ముందు వాడి దగ్గరికే పోయి, రేపటిలోపు నువ్వే చెప్పు, లేకపోతే ఒట్టు వాపసు తీసుకుంటా అని చెప్పాలి" అన్నాడు. ఇది తప్పించుకునే కిటికీయా, నిజంగా ముందుకు వెళ్లడమా? నాకు తేలలేదు.

తప్పు కూడా జరిగింది. ఒక పిల్ల "నియమం అందరికీ ఒకటే ఉండాలి" అనగానే నాకు తెలియకుండా తలూపేశాను. ఐదు నిమిషాల్లో మూడు గుంపులు "నియమం, నియమం" అనడం మొదలుపెట్టాయి. మాట్లాడేవాడు ఎదుటి గుంపును చూడకుండా నా ముఖం చూస్తున్నాడు. ఏ నియమం అని అడిగితే ఒక్కడూ చెప్పలేదు. ఇక గది వెనక్కి పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. అప్పుడు కొంచెం సర్దుకుంది.

చివర మళ్లీ చీటీ. ఈసారి లెక్క 25, 13. దాదాపు కదల్లేదు. కానీ ఎదుటివాళ్ల మాటల్లో గట్టిది ఏదో రాయమన్నాను. "చెప్పకూడదు" అన్నవాళ్లలో పద్నాలుగు మంది ఆ అమ్మాయి మాటే రాశారు, ఎవరి పద్ధతిలో వాళ్లు. పదిమంది ఖాళీగా ఇచ్చారు.

డీఎస్సీ_రాస్తున్నా

సార్, జవాబులు మారలేదు కాబట్టి దశ మారలేదనే కదా?

పాత_మెథడ్_మేడమ్

తమ్ముడూ, మళ్లీ అక్కడికే వచ్చావు. ఆ పద్నాలుగు మంది తమది కాని కారణాన్ని తమ మాటల్లో రాయగలిగారు. దాంతో మెట్టెక్కారని చెప్పను. ఒక్క పీరియడ్‌తో ఎవరూ ఎక్కరు, వారానికొకటి చొప్పున నెలలు పడుతుంది. కానీ ఒక్కటి పైనున్న మాట వాళ్లకు వినబడింది. ఆ ఖాళీ చీటీల పదిమందిని చూసుకోండి మాస్టారూ. విననివాళ్లా, రాయలేనివాళ్లా? రాతతో కొలిచినప్పుడు మనం ఎప్పుడూ పడే గొయ్యి ఇది.

వాపసు తీసుకుంటానన్న అబ్బాయిది కిటికీ అనను. స్నేహాన్నీ వదల్లేదు, మిగతా క్లాసునూ వదల్లేదు. కానీ "వాడు ఒప్పుకోకపోతే?" అని మీరు ఇంకొక్క ప్రశ్న వేసి ఉండాల్సింది.

ఫిజిక్స్_మాధవి

ఆ అమ్మాయి మాటకు మీరు ఏ మెట్టు వేస్తారు మేడమ్? నాకు ఒక అనుమానం. "మమ్మల్ని అడిగాడా" అన్నది న్యాయం మాట. ఇంకో పిల్ల "గడియారం పగలగొట్టినవాడు భయపడి ఉంటాడు, ముందు వాడి పక్కన కూర్చోవాలి" అని ఉంటే దాన్ని మూడులో పడేస్తారు కదా? కోల్‌బర్గ్ మొదట తీసుకున్నది అందరూ మగపిల్లలే అన్నారు మీరే. 1982లో కేరల్ గిల్లిగన్ అనే సైకాలజిస్టు అడిగింది ఇదే. ఎదుటివాళ్ల బాగోగులు చూసుకునే ఆలోచనకు ఈ నిచ్చెనలో తక్కువ మెట్టు ఎందుకని.

పాత_మెథడ్_మేడమ్

అడగాల్సిన ప్రశ్నే. తర్వాత జరిగిన అధ్యయనాల్లో చాలావాటిలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ స్కోర్లలో పెద్ద తేడా రాలేదు. కానీ ఆమె అడిగింది స్కోరు గురించి ఒక్కటే కాదు, నిచ్చెనే ఎందుకని. దానికి నా దగ్గర జవాబు లేదు. క్లాసులో మాత్రం నేను మెట్లు లెక్కపెట్టడం మానేసి చాలాకాలమైంది. చీటీ చదివి, ఈ పిల్ల ఎవరెవరిని లెక్కలోకి తీసుకుంది, ఎవరిని మరిచిపోయింది అని చూస్తాను.

తెలుగు_పంతులు_గారు

చివరికి మాస్టారు చెప్పాలా వద్దా అన్నది ఎవరూ తేల్చలేదు. మా ఎనిమిదో తరగతిలో హరిశ్చంద్రుడి కథతో ప్రయత్నిస్తాను. మాట కోసం భార్యాబిడ్డల్ని అమ్మడం ఒప్పా అని. చివర్లో నా అభిప్రాయం నేను చెప్పేస్తాను. మీరేమన్నా సరే.

సోషల్_సార్

పంతులుగారూ, చీటీలు తీసుకున్నాక చెప్పండి. ముందు చెప్పకండి, అంతే.

గుడ్డు పిల్లాడి సంగతి అడిగినవాళ్లకు: క్లాస్ టీచర్ ద్వారా మాట్లాడాను. వంటావిడ ముందే ఎరుగుదురట. మళ్లీ లైన్లోకి వస్తున్నాడు. నా క్లాసులో మాత్రం ఇంకా తలెత్తడం లేదు.

వెంకన్న_నాన్న

నిన్న రాత్రి అడిగాను సారూ. చెప్పావా లేదా అనలేదు, ఎందుకు చెప్పలేదు రా అని మాత్రం అడిగాను. చాలాసేపు కంచంలో అన్నం కెలికాడు. "బాలు వేసింది నేనే నాన్నా. ఆ వైపు కొట్టొద్దన్నారు సారు. నేనే అటు కొట్టు చూద్దాం అన్నాను. వాడొక్కడి పేరు ఎట్ల చెప్పాలి" అన్నాడు.